88 క్రెడిట్ల మీద 2.25: జీపీఏ 3.0కి చేరాలంటే ఇంకెన్ని సెమిస్టర్లు?

అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకు అకడమిక్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. జీపీఏ తగ్గి నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది మూడో ఏడాది అయ్యాకే వస్తారు. మొదటి ఏడాదిలో వస్తే పని తేలిక. మూడో ఏడాది అయ్యాక ఎందుకు కష్టమో, అప్పుడైనా ఏం చేయొచ్చో ఒక కేసు పట్టుకుని చెబుతాను. కుర్రవాణ్ణి గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరి మూడేళ్లు నెట్టుకొచ్చాడు. ఇష్టం లేక స్టాటిస్టిక్స్‌కి మేజర్ మార్చుకున్నాడు. అందులోనే మాస్టర్స్ చేయాలని కోరిక. తను చూసిన ప్రోగ్రాముల్లో చాలావాటికి కనీసం 3.0 క్యుములేటివ్ జీపీఏ కావాలి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో గ్రేడ్ పడిన క్రెడిట్లు 88. ఏకి 4, బీకి 3, సీకి 2, డీకి 1, ఎఫ్‌కి 0 చొప్పున క్రెడిట్లతో గుణించి కూడితే వచ్చే క్వాలిటీ పాయింట్లు 198. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 2.25. రెండు ఎఫ్‌లు: కాలిక్యులస్ 2లో ఒకటి, 4 క్రెడిట్లు, థర్మోడైనమిక్స్‌లో ఒకటి, 3 క్రెడిట్లు. 4 క్రెడిట్ల కెమిస్ట్రీలో డీ. మిగతావన్నీ సీ, బీ చుట్టూ తిరిగాయి. వీటికి తోడు వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చేసి బదిలీ చేయించుకున్న 6 క్రెడిట్లు ఉన్నాయి.

మార్కుల సంగతి తల్లిదండ్రులతో మాట్లాడాలంటే సాధారణంగా ముందు విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఫెర్పా అనే ఫెడరల్ చట్టం అలా చెబుతుంది. కుర్రవాడు సంతకం పెట్టాడు కాబట్టి వాళ్ల నాన్నగారు కూడా కాల్‌లో కలిశారు.

"ఇప్పుడు 2.25 ఉంది కదండీ. వచ్చే సెమిస్టర్లో ఫోర్‌కి ఫోర్ తెచ్చుకుంటే, రెండూ కలిపి సగం చేస్తే మూడు దాటుతుంది. అంతేగా?" అన్నారాయన.

అంతే కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 2.25 అనేది ఒక సెమిస్టర్ అంకె కాదు, 88 క్రెడిట్ల బరువు దాని వెనకుంది. వచ్చే సెమిస్టర్ వెనకుండేది 15 క్రెడిట్లే. ఆ 15లోనూ అన్నీ ఏలే తెచ్చుకున్నా 60 పాయింట్లు కలిసి 258 అవుతాయి, క్రెడిట్లు 103 అవుతాయి. భాగిస్తే 2.50. ఒక్క తప్పూ లేని సెమిస్టర్‌కి దక్కేది పావు పాయింటు, అంతే.

లోటు లెక్క

ఇలాంటి కేసుల్లో నేను జీపీఏని పక్కన పెట్టి లోటు లెక్కేస్తాను. 88 క్రెడిట్లకీ 3.0 ఉండి ఉంటే 264 పాయింట్లు ఉండాలి. ఉన్నవి 198. లోటు 66. ఇకమీదట వచ్చే ప్రతి గ్రేడూ ఈ 66లోంచి ఎంత తీరుస్తుందన్నదే చూడాలి. లక్ష్యం 3.0 కాబట్టి ఒక క్రెడిట్‌కి ఏ వస్తే లోటులో 1 తీరుతుంది. ఏ మైనస్ 0.7 తీరుస్తుంది, బీ ప్లస్ 0.3. బీ వస్తే ఏమీ తీరదు. సీ వస్తే అప్పు ఇంకొకటి పెరుగుతుంది.

బీ దగ్గర ఆ కుర్రవాడు ఆగిపోయాడు. వాడి దృష్టిలో బీ అంటే మంచి గ్రేడు. నిజంగా మంచిదే. కానీ 3.0కి చేరాలనుకునేవాడికి బీ ఉన్నచోటే నిలబెడుతుంది. వంద క్రెడిట్లు బీలు తెచ్చుకున్నా లోటు 66 గానే ఉంటుంది.

సూత్రంగా రాస్తే ఇంతే:

```
x = C × (T − G) / (A − T)
```

C ఇప్పటిదాకా గ్రేడ్ పడిన క్రెడిట్లు, G ఇప్పటి జీపీఏ, T లక్ష్యం, A ఇకమీదట తెచ్చుకోగల సగటు. x ఇంకా కావలసిన క్రెడిట్లు. దాన్ని సెమిస్టర్‌కి తీసుకునే క్రెడిట్లతో భాగిస్తే సెమిస్టర్లు వస్తాయి.

మనవాడికి ఇకమీదట అన్నీ ఏలే అయితే 66 క్రెడిట్లు, అంటే 15 చొప్పున నాలుగున్నర సెమిస్టర్లు కావాలి. సగటు 3.7 అయితే 94 క్రెడిట్లు, ఆరుంపావు సెమిస్టర్లు. 3.5 అయితే 132, దాదాపు తొమ్మిది. 3.3 దగ్గర అది 220 క్రెడిట్లకి పోతుంది, అంటే ఇంకొక డిగ్రీ, మరో డిగ్రీలో ముప్పావు. 3.7కీ 3.3కీ మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ భాగించేది 3.0 పైన మిగిలే ముక్కతో. ఆ ముక్క 0.7 నుంచి 0.3కి తగ్గితే సెమిస్టర్లు రెండింతలకి పైనే పెరుగుతాయి.

C సంగతి కూడా చూడండి. ఇదే 2.25 మొదటి ఏడాది చివర, 30 క్రెడిట్ల మీద ఉండి ఉంటే లోటు 22.5 మాత్రమే. 3.7 సగటుతో 32 క్రెడిట్లలో, రెండు సెమిస్టర్లలో తీరిపోయేది. అదే పిల్లవాడు, అదే జీపీఏ, అదే శ్రమ. వెనక పడి ఉన్న క్రెడిట్లు మూడింతలయ్యాయి కాబట్టి కాలం కూడా మూడింతలయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లు "పూర్తయిన క్రెడిట్లు" అడుగుతాయి. అందరూ డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో చూపే డిగ్రీ ఆడిట్‌లో పైన కనిపించే అంకె వేస్తారు. అది సంపాదించిన క్రెడిట్ల అంకె. జీపీఏలో లెక్కకొచ్చేవి వేరు. ఎఫ్ వచ్చిన కోర్సుకి క్రెడిట్ రాదు, కానీ అది జీపీఏలో ఉంటుంది. బదిలీ చేసుకున్న కోర్సుకి క్రెడిట్ వస్తుంది, చాలా యూనివర్సిటీల్లో దాని గ్రేడు మాత్రం జీపీఏలో చేరదు. పాస్-ఫెయిల్ పద్ధతిలో పాసైనవీ చేరవు. మనవాడికి సంపాదించినవి 87 (88లోంచి ఎఫ్‌ల 7 పోయి, బదిలీవి 6 కలిసి), జీపీఏలోవి 88. అదృష్టవశాత్తు దగ్గరగానే ఉన్నాయి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి వచ్చినవాళ్లకి సంపాదించినవి 90 ఉండి, జీపీఏలో 30 మాత్రమే ఉండొచ్చు. వాళ్లు 90 వేసి చూసుకుని అనవసరంగా టెన్షన్ పడతారు.

నాన్నగారి రెండో ఆలోచన కూడా దీంతోనే పోయింది. "మళ్లీ సమ్మర్లో కమ్యూనిటీ కాలేజీలో తేలిక కోర్సులు నాలుగు చేయిస్తే?" అన్నారు. ఫీజు తక్కువే, డిగ్రీకి క్రెడిట్లూ వస్తాయి. కానీ మా దగ్గర జీపీఏ వీసమెత్తు కదలదు. పైగా డిగ్రీలో మిగిలిన ఖాళీని అవి తినేస్తాయి, ఇక్కడ ఏలు తెచ్చుకునే చోటు తగ్గిపోతుంది.

డిగ్రీలో మిగిలిన చోటు

డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. 87 ఉన్నాయి. మిగిలింది 33. ఆ 33లోనూ అన్నీ ఏలు వచ్చినా 330 పాయింట్లు, 121 క్రెడిట్లు, 2.73. అంటే మామూలు దారిలో డిగ్రీ చేతికొచ్చేలోపు 3.0 అసాధ్యం. వాస్తవంగా ఆలోచించి 3.7 సగటు అనుకుంటే 2.65 దగ్గర ఆగుతుంది. ఈ మాట ముందే చెప్పేశాను. చెప్పకపోతే ఏడాది తర్వాత పిల్లవాడే కనుక్కుంటాడు, అప్పటికి ఏం చేయడానికీ ఉండదు.

"అయితే సెమిస్టర్‌కి 19 క్రెడిట్లు తీసుకుంటాను, త్వరగా తీరుతుంది" అన్నాడు కుర్రవాడు.

దీన్నీ లోటు లెక్కలోనే చూశాం. 19 క్రెడిట్లు తీసుకుని సగటు 3.3కి జారితే తీరేది 5.7. 13 తీసుకుని 3.7 నిలబెట్టుకుంటే 9.1. తక్కువ మోసినవాడే ఎక్కువ తీర్చాడు. జీపీఏ పడిపోయినవాడు మొదట చేయాలనుకునేది ఎక్కువ కోర్సులు తీసుకోవడమే, నా అనుభవంలో ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే. 19 క్రెడిట్లు తీసుకుని కూడా 3.7 తెచ్చుకోగలవాడైతే అసలు 2.25 దగ్గర ఉండేవాడు కాదు.

మళ్లీ రాసే కోర్సులు

కదిలించగలిగింది ఒకటే మిగిలింది. మా యూనివర్సిటీలో గ్రేడ్ రీప్లేస్‌మెంట్ ఉంది. తక్కువ గ్రేడు వచ్చిన కోర్సునే మళ్లీ ఇక్కడే చేస్తే కొత్త గ్రేడు జీపీఏలోకి వస్తుంది, పాతది ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనిపిస్తూనే లెక్కలోంచి తప్పుకుంటుంది. ఎన్ని కోర్సులకి, ఏ గ్రేడు కింద ఉంటే, ఏ గడువులోపు ఫారం ఇవ్వాలి అన్నది యూనివర్సిటీకి ఒక తీరు. కొన్నిచోట్ల పాతా కొత్తా రెండూ కలిపి సగటు చేస్తారు. పాత గ్రేడుని అసలు తీసేయని చోట్లూ ఉన్నాయి. అందుకే ముందు క్యాటలాగ్‌లో ఈ ఒక్క పేరా చదివి, ఆ తర్వాతే లెక్కకి దిగాలి.

రీప్లేస్‌మెంట్ బలం ఎక్కడుందంటే, కింద భాగించే అంకె పెరగదు. కొత్తగా 4 క్రెడిట్ల కోర్సు చేసి ఏ తెచ్చుకుంటే లోటులో 4 తీరుతుంది. ఎఫ్ వచ్చిన 4 క్రెడిట్ల కోర్సుని మళ్లీ చేసి ఏ తెచ్చుకుంటే 16 తీరుతుంది. అక్కడ బీ వచ్చినా 12. కొత్త కోర్సులో బీకి సున్నా అని గుర్తుంది కదా.

మూడు కోర్సులున్నాయి, వరస పెట్టాలి. కాలిక్యులస్ 2లో తేల్చుకోవడానికి ఏమీ లేదు. స్టాటిస్టిక్స్‌కి ఎలాగూ కావాలి, ఎఫ్ కాబట్టి క్రెడిట్లు కూడా కొత్తగా వస్తాయి. థర్మోడైనమిక్స్‌లో ఏ వస్తే 12 తీరుతుంది కానీ ఆ సీట్లు ఇంజనీరింగ్ వాళ్లకే కేటాయిస్తారు, పైగా ఇష్టం లేక వదిలేసిన సబ్జెక్టులో మళ్లీ ఎఫ్ పడే ప్రమాదం ఉంది. కెమిస్ట్రీలో డీ నుంచి ఏకి వెళితే అదీ 12 తీరుస్తుంది. కానీ డీతో ఒకసారి పాసైన కోర్సు కాబట్టి డిగ్రీకి కొత్త క్రెడిట్లు రావు, 4 క్రెడిట్ల ఫీజు జీపీఏ కోసమే కట్టినట్టు. పాసైన కోర్సుని మళ్లీ తీసుకుంటే ఫెడరల్ ఎయిడ్ ఒక్కసారికే దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి కెమిస్ట్రీకి ఉన్నది ఒక్క అవకాశమే. బాగా ఆలోచించి థర్మో ఎఫ్‌ని అలాగే వదిలేసి, కాలిక్యులస్, కెమిస్ట్రీ తీసుకున్నాం. రెండూ ఒకే సెమిస్టర్లో పెట్టలేదు.

ఎయిడ్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చదువు తగినంతగా ముందుకు సాగుతోందా అని చూసే ఎస్‌ఏపీ అనే నిబంధన ప్రకారం డిగ్రీ నిడివికి ఒకటిన్నర రెట్లు దాటితే, అంటే 120కి 180 క్రెడిట్లు ప్రయత్నించాక, ఫెడరల్ ఎయిడ్ ఆగిపోతుంది. మళ్లీ చేసే కోర్సులూ, బదిలీ క్రెడిట్లూ అందులో లెక్కే. సెమిస్టర్ మధ్యలో డబ్ల్యూ పెట్టి వదిలేసినవీ లెక్కే. అవి జీపీఏని ముట్టుకోవు, ఈ అంకెని మాత్రం పెంచుతాయి. మనవాడు 94 దగ్గర ఉన్నాడు, ఇబ్బంది లేదు.

మూడు సెమిస్టర్లు

మొదటిది, ఫాల్. కాలిక్యులస్ 2 మళ్లీ, మూడు కొత్త కోర్సులు, మొత్తం 13 క్రెడిట్లు. మొదటి మిడ్‌టర్మ్‌లో కాలిక్యులస్ బీ దగ్గర ఉంది. సిరీస్ కన్వర్జెన్స్ దగ్గర వెనకటిసారి తప్పినచోటే మళ్లీ తప్పుతున్నాడు. ట్యూటరింగ్ సెంటర్‌కి వారానికి రెండు సార్లు వెళ్లాడు, చివరికి ఏ మైనస్ వచ్చింది. కొత్తవాటిలో ఒక ఏ, ఒక ఏ మైనస్, ఒక బీ ప్లస్. సెమిస్టర్ జీపీఏ 3.68, క్యుములేటివ్ 2.53. లోటు 66 నుంచి 45.2కి దిగింది. తీరిన 20.8లో కాలిక్యులస్ ఒక్కటే 14.8. మిగిలిన మూడు కోర్సులూ కలిసి 6.

రెండోది, స్ప్రింగ్. కెమిస్ట్రీ మళ్లీ, నాలుగు కొత్త కోర్సులు, 16 క్రెడిట్లు. ఇక్కడ ఒక గండం తప్పింది. రీప్లేస్‌మెంట్ దానంతటదే జరగదు, రిజిస్ట్రార్‌కి ఫారం పెట్టాలి. గడువు దగ్గరపడుతున్నా వాడి పేరు మీద ఫారం కనబడకపోతే ఫోన్ చేసి పెట్టించాను. పెట్టకపోయి ఉంటే డీ, కొత్త గ్రేడు రెండూ లెక్కలో ఉండిపోయేవి. కెమిస్ట్రీలో ఏ మైనస్, కొత్తవాటిలో రెండు ఏలు, ఒక ఏ మైనస్, ప్రాబబిలిటీలో బీ. సెమిస్టర్ జీపీఏ మళ్లీ 3.68, క్యుములేటివ్ 2.76, లోటు 26.3.

నాలుగేళ్లకి డిగ్రీ అయిపోవాలి. ఇంకా 8 క్రెడిట్లు మిగిలాయి, కాబట్టి ఒక అదనపు ఫాల్ ఎలాగూ తప్పదు. ఎనిమిదికి బదులు ఫుల్‌టైమ్‌కి కావలసిన 12 తీసుకున్నాడు. ఇప్పుడు మళ్లీ చేసే కోర్సు లేదు, అన్నీ కొత్తవే. రెండు ఏలు, రెండు ఏ మైనస్‌లు. సెమిస్టర్ జీపీఏ 3.85, వాడి చదువు మొత్తంలో అదే ఎక్కువ. అయినా క్యుములేటివ్ 2.76 నుంచి 2.87కే వెళ్లింది. మొదటి ఫాల్‌లో 3.68కి 0.28 పెరిగితే, ఈసారి 3.85కి 0.11. వాడు దిగాలుపడి "ఇంత కష్టపడితే ఇంతేనా?" అన్నాడు. మొదటిసారి పెంచింది ఎక్కువగా కాలిక్యులస్ రీప్లేస్‌మెంటేనని ముందే చూపించాను కాబట్టి నమ్మించడం కష్టం కాలేదు.

ఆగాలా, సాగాలా?

121 క్రెడిట్లు, 2.87. ఇంకా లోటు 16.1. క్రెడిట్‌కి 0.7 చొప్పున తీర్చుకుంటూ పోతే 23 క్రెడిట్లు, రెండు సెమిస్టర్లు. నాన్నగారు ఖర్చు పెట్టడానికి సిద్ధంగానే ఉన్నారు. "ఇంత దూరం వచ్చాక ఆ పదమూడు వందో వంతులు వదిలేస్తామా?" అని ఆయన మాట.

నేను ఆగమన్నాను. ముఖ్య కారణం ఇది: మా ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉన్న 2.87ని బయటివాళ్లు అలాగే తీసుకోవాలని లేదు. కొన్ని గ్రాడ్యుయేట్ స్కూళ్లు అన్ని ప్రయత్నాలనీ కలిపి తమ లెక్క తాము వేసుకుంటాయి. పాత ఎఫ్, డీ రెండూ మళ్లీ కలిపితే 129 క్రెడిట్ల మీద 2.72 అవుతుంది. మెడికల్ స్కూల్ దరఖాస్తులు తీసుకునే ఏఎంసీఏఎస్ అయితే ప్రతి ప్రయత్నాన్నీ లెక్కేస్తుంది. ఆస్టియోపతిక్ కాలేజీల ఏఏసీఓఎంఏఎస్ ఒకప్పుడు రీప్లేస్‌మెంట్‌ని ఒప్పుకునేది, 2017లో మానేసింది. అందుకని మా దగ్గర 3.00 చేసి చూపించడానికి ఏడాది ఖర్చు పెడితే, అవతలివాళ్ల లెక్కలో అది మూడుకి కిందే ఉండొచ్చు.

రెండోది, కొన్ని ప్రోగ్రాములు చివరి 60 క్రెడిట్ల జీపీఏ చూస్తాయి. ఈ మూడు సెమిస్టర్ల 41 క్రెడిట్లు 3.73 మీద ఉన్నాయి. వాటికి ముందున్న 19 క్రెడిట్లు 2.6 దగ్గర. కలిపితే 3.37. ఆ అంకె చేతిలో ఉండగా 2.87ని పట్టుకుని ఇంకో ఏడాది వేలాడటంలో నాకు అర్థం కనిపించలేదు.

ఇండియాలో బీటెక్ చదివేవాళ్లకి కూడా లోటు లెక్క ఇలాగే పనిచేస్తుంది, ఒక్కటే తేడా. 160 క్రెడిట్ల బీటెక్‌లో 120 అయ్యేసరికి సీజీపీఏ 6.3 ఉండి 7.0 కావాలంటే లోటు 84. తీర్చడానికి మిగిలింది 40 క్రెడిట్లు, అంటే చివరి రెండు సెమిస్టర్లూ 9.1 రావాలి. అక్కడ ఇంకో సెమిస్టర్ తీసుకుంటాననే వీలు లేదు, ఎనిమిదితో ఖతం. కాబట్టి వాళ్లు "ఎన్ని సెమిస్టర్లు" అని అడగడం కన్నా "మిగిలినవాటిలో ఎంత సగటు రావాలి" అని అడగాలి. జవాబు పది దాటితే లక్ష్యం మార్చుకోవడమే.

కుర్రవాడు డిగ్రీ తీసుకున్నాడు. 3.0 తప్పనిసరి అని గట్టిగా రాసి ఉన్న ప్రోగ్రాముల్ని వదిలేశాడు. చివరి 60 చూసేవాటికీ, షరతు మీద సీటిచ్చేవాటికీ దరఖాస్తు చేశాడు. స్టేట్‌మెంట్‌లో మూడు సెమిస్టర్ల అంకెల్ని రెండు వాక్యాల్లో చెప్పాడు, సాకులు రాయలేదు. ఒకచోట షరతుతో సీటొచ్చింది: మొదటి 9 క్రెడిట్లలో 3.0కి తగ్గకూడదు.

మాస్టర్స్‌లో పాత క్రెడిట్లు ఏవీ వెంట రావు, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఇంతకుముందు ఎన్ని ఏలు తెచ్చినా కదలని అంకె, అక్కడ ఒక్క సీతో కూలిపోతుంది. 3 క్రెడిట్ల కోర్సులో సీ వస్తే లోటు 3. మిగిలిన రెండు కోర్సుల్లో ఒకటి బీ అయితే రెండోది తప్పకుండా ఏ అవ్వాలి, ఏ మైనస్ చాలదు. చేరేముందు వాడు ఫోన్ చేసినప్పుడు ఇదే చెప్పి, మొదటి సెమిస్టర్లో మెజర్ థియరీ లాంటి కష్టమైన కోర్సు జోలికి పోవద్దన్నాను.